ఒక్క స్టార్ రివ్యూ, భీమవరం అక్క ఆవకాయ ఫొటోలు

ప్రశ్న: ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. "ఫొటోలో ఉన్నదొకటి, పంపినదొకటి" అని ఒకరు ఒక్క స్టార్ ఇచ్చి ఘాటుగా రాశారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఫొటోలు మళ్లీ తీయాలా? కెమెరా కొనాలా? ఇలా ఎవరికైనా జరిగి ఉంటే వాళ్లేం చేశారో చెప్పండి. గోంగూర అయితే ఎలా తీసినా నల్లగానే వస్తోంది.

జవాబు:

కెమెరా కొనకండి, చేతిలో ఉన్న ఫోను చాలు. ఫొటోలు మళ్లీ తీయాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఆ రివ్యూలో ఏ మాట ఫొటోకి తగులుతుందో, ఏ మాట సీసాకి తగులుతుందో ముందు విడదీయాలి. చిన్న వ్యాపారాల వాళ్లకి తినే సరుకుల ఫొటోలు తీసిపెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ విడదీయడం దాటేసి నేరుగా లైట్ల గురించి అడుగుతారు. భీమవరంలో ఒక అక్క కూడా అలాగే అడిగింది. పేరు వద్దుగానీ, ఆవిడ కథ చెబుతాను. మీ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

అక్క ఏటా వేసవిలో నూజివీడు వైపు నుంచి రసాలు తెప్పించి ఆవకాయ పెడుతుంది. ముక్కలు టెంకతో కొట్టించి, జీడి తీసి, లోపలి పొర గీకి, తడి లేకుండా తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, వెల్లుల్లి వేసి నువ్వుల నూనెతో కలుపుతుంది. మూడో రోజు తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె తగ్గితే పోసి జాడీలకెత్తుతుంది. పచ్చడిలో వంక పెట్టడానికి లేదు. నేను తిన్నాను కాబట్టి చెబుతున్నాను. ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు ఫొటోలు వాళ్ల మేనల్లుడు తీశాడు. అరిటాకు మీద ఇత్తడి గిన్నె, గిన్నె నిండా పెద్ద పెద్ద ముక్కలు, ఎర్రెర్రగా మెరుస్తున్న నూనె, పక్కన రెండు ఎండుమిరపకాయలు. చూడగానే నోరూరుతుంది. వేసవంతా ఆర్డర్లు బాగానే వచ్చాయి.

కార్తీకమాసంలో హైదరాబాద్ నుంచి ఒకాయన రాశారు: "ఫొటో చూసి మోసపోయాను. ఫొటోలో ఎర్రటి ముక్కలు, సీసాలో నల్లటి బురద. మూత తీస్తే నూనె తప్ప ఏమీ లేదు. అరకేజీ అంటే ఇంతేనా? డబ్బు దండగ." ఒక్క స్టార్. దానికి తోడు సీసా ఫొటో కూడా పెట్టారు. ట్యూబ్‌లైటు కింద, వంటింటి గట్టు మీద తీసిన ఫొటో. అదొచ్చి పేజీలో అన్నిటికన్నా పైన కూర్చుంది.

అక్క నాకు ఫోన్ చేసి, "తమ్ముడూ, ఆయన ఫొటో కంటే పదిరెట్లు బాగుండాలి, అలా తీసిపెట్టు" అంది. ఈలోగా చెల్లెళ్లకీ ఆడపడుచులకీ లింకు పంపి ఐదేసి స్టార్లు ఇప్పిద్దామని కూడా అనుకుందట. అది వద్దన్నాను. అమ్మేవాళ్లు కొన్నవాళ్లలా నటిస్తూ తమ సరుకుకి తామే రివ్యూలు పెట్టుకోకూడదని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల్లోనే ఉంది. చుట్టాలతో రాయిస్తే అది కూడా ఆ గొడవలోకే వస్తుంది. సరుకు ప్రకటనలో చూపించిన లక్షణాలతో లేకపోతే వెనక్కి తీసుకోననీ, డబ్బు తిరిగి ఇవ్వననీ అనకూడదని కూడా ఆ నియమాలు చెబుతాయి. మనం పెట్టిన ఫొటో కూడా ప్రకటనే. అందుకే ఆయన మాటల్ని తిట్టుగా తీసిపారేయకుండా ఫిర్యాదుగా చదవాలి.

చదివితే అందులో నాలుగు సంగతులున్నాయి. రంగు నల్లగా ఉంది. ముక్కలు లేవు. పైన అంతా నూనె. సీసా చిన్నది. ఈ నాలుగింటికీ కారణం ఒక్కటి కాదు, మందు కూడా ఒక్కటి కాదు.

నేను వెళ్లాక మొదట ఫోను బయటికి తీయలేదు. "అక్కా, ఇప్పుడు నేనే ఆర్డర్ పెట్టాననుకో. నాకు ఎలా ప్యాక్ చేస్తావో అలాగే ఒక అరకేజీ సీసా నింపు" అన్నాను. నింపింది. మూత పెట్టి, సీలు వేసి, కొరియర్ వాళ్లకి ఇచ్చినట్టే అట్టపెట్టెలో పెట్టి, బాగా కుదిపి, తిరగేసి, కాసేపయ్యాక తెరిచాం. ఆవిడ ముఖం చూడాలి. మూత తీస్తే పైన నూనె, దాని కింద పిండి. ముక్క ఎక్కడుందో స్పూనుతో వెతకాల్సి వచ్చింది. "నాలుగు జాడీలు అమ్మేశాను, ఎవరింటికి వెళ్లాక ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు తమ్ముడూ" అంది.

జాడీలో నుంచి ఎలా తీస్తుందో అడిగితే విషయం బయటపడింది. గరిటె పెడితే చేతికి పైనున్న ముక్కలే వస్తాయి. బరువైన పిండి కిందికి దిగుతుంది. జాడీ తెరిచిన కొత్తలో నింపిన సీసాలన్నీ ముక్కలతో కళకళలాడతాయి, అడుగుకొచ్చేసరికి మిగిలేది పిండే. హైదరాబాద్ ఆయనకి వెళ్లింది జాడీ అడుగు సీసా. అనుమానం తీరేదాకా కొలుద్దామని రెండు అరకేజీ సీసాలు తీసుకున్నాం. ఒకటి అప్పుడే తెరిచిన జాడీ పైనుంచి నింపినది, ఇంకోటి అయిపోవచ్చిన జాడీ అడుగు నుంచి నింపినది. ఒక్కో సీసానీ స్టీలు జల్లెడలో బోర్లించి, ముక్కలకి అంటిన పిండిని స్పూనుతో మెల్లగా దులిపి, ముక్కలు మాత్రమే తూచాం. మొదటి దాంట్లో 300 గ్రాములు, రెండో దాంట్లో 170. ఒకే ధర, ఒకే లేబులు, ఒకే ఫొటో. రెండో సీసా అందుకున్న మనిషి మోసం అనడా మరి?

ఇది ఏ కెమెరాతోనూ బాగుపడే సంగతి కాదు. ఇక్కడ మారాల్సింది నింపే పద్ధతి. ఆ రోజు నుంచి అక్క జాడీని ముందు పొడి గరిటెతో అడుగంటా కలుపుతోంది. సీసాని కాటా మీద పెట్టి సున్నా చేసి, ముందు ముక్కలు 260 గ్రాములు వేసి, తర్వాత పిండీ నూనే పోసి 500కి తెస్తోంది. ఈ 260 నేను చెప్పిన అంకె కాదు. ఆవిడ కలిపే పాళ్లలో జాడీ మొత్తానికి సగటున సగం పైచిలుకు ముక్క పడుతుంది కాబట్టి అది కుదిరింది. మీ పాళ్లు వేరైతే మీ అంకె వేరవుతుంది. జాడీ చివర కాస్త పిండి మిగిలితే ఇంట్లో వేడన్నంలోకి వాడుకుంటున్నారు. మీరు కూడా ఫొటో జోలికి వెళ్లేముందు ఈ జల్లెడ పరీక్ష చేయండి. రెండు సీసాల మధ్య తేడా ఎక్కువగా ఉంటే ముందు అది సరిచేయండి.

ఇక రంగు. పాత ఫొటో మేలో తీసింది, పచ్చడి కలిపిన వారంలోనే. ఆయనకి సరుకు వెళ్లింది నవంబరులో. మిరపకారం ఎరుపు గాలీ వెలుతురూ వేడీ తగిలేకొద్దీ తగ్గుతుంది. ఆవపిండి ఊరి ముదురు రంగుకి తిరుగుతుంది. ముక్క కూడా పచ్చదనం పోయి గోధుమరంగులోకి వస్తుంది. ఇది పాడవడం కాదు, ఊరడం. మన ఇళ్లలో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లలో సగం మంది ఏటా కొత్తావకాయ తప్ప వేరేది చూడనివాళ్లు. వాళ్లకి మనం కొత్తావకాయ ఫొటో చూపించి ఆరునెలల ఆవకాయ పంపుతున్నాం.

అయితే మేలో కూడా ఆ పచ్చడి ఆ ఫొటోలో ఉన్నంత ఎర్రగా లేదు. దానికి మేనల్లుడిని తప్పుపట్టలేం, వాడు కావాలని రంగు పులమలేదు. అరిటాకు ఫ్రేములో ఎక్కువభాగం ఆక్రమించినప్పుడు ఫోను "ఇక్కడ ఆకుపచ్చ మరీ ఎక్కువైంది" అనుకుని దాన్ని తగ్గించడానికి బొమ్మ మొత్తాన్ని గులాబీ వైపు లాగుతుంది. ఆ లాగుడులో ఎరుపు ఇంకా ఎర్రబడుతుంది. దానికి తోడు వాడి ఫోనులో తిండి వస్తువు కనిపిస్తే రంగులు దానంతటదే పెంచే ఆప్షన్ ఆన్ చేసి ఉంది. ఆ పైన స్క్రీన్ "వివిడ్" మోడ్‌లో ఉంది కాబట్టి వాడికి కనిపించింది ఇంకో మెట్టు ఎక్కువ. అరిటాకు మీద పచ్చడి మన కంటికి అందంగానే ఉంటుంది. కానీ రంగు నిజంగా రావాలంటే ఆకు, ఎర్ర పట్టుబట్ట, పసుపు పీట ఇవేవీ వద్దు. తెల్లటిదో బూడిదరంగుదో ఏదైనా సరే కింద వేయండి. మేం ఉతికిన తెల్ల పంచె వేశాం.

ఫొటోలు వాళ్ల ముందుగదిలో తీశాం. ఉత్తరం వైపు కిటికీ, పొద్దున పది దాటాక. నేరుగా ఎండ పడని కిటికీ ఏదైనా ఫరవాలేదు. ఎండ పడుతుంటే పల్చటి తెల్లబట్ట కట్టండి. గదిలో ట్యూబ్‌లైటు, బల్బు అన్నీ ఆపేశాం. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటు ఇంకో రంగు. రెండూ కలిసి పడితే సీసాకి ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా ఉంటుంది, ఎడిటింగ్‌లో ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. కిటికీకి రెండడుగుల దూరంలో బల్ల వేసి, వెలుగు పక్కనుంచి పడేలా సీసా పెట్టాం. రెండో పక్క నీడ మరీ చిక్కగా పడుతుంటే ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన తెల్ల థర్మోకోల్ ముక్క నిలబెట్టాం. అంతే సామాను.

ఫోను లెన్సు ముందు తుడవండి. నవ్వులాటకి అనడం లేదు. పచ్చళ్లు పెట్టే ఇంట్లో ఫోను లెన్సు మీద నూనె వేలిముద్ర లేకుండా ఉండదు, దాంతో బొమ్మ మొత్తం మంచు పట్టినట్టు వస్తుంది. దగ్గరికి వెళ్లి వైడ్ లెన్సుతో తీస్తే సీసా పొట్ట ఉబ్బి, అడుగు సన్నబడి కనిపిస్తుంది. రెండు మూడడుగులు వెనక్కి జరిగి మామూలు లెన్సుతో తీసి తర్వాత కత్తిరించుకోండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, గాజు అంచుల్ని అది తినేస్తుంది.

ఆవకాయతో అసలు తంటా ఎరుపు. ఫొటో మామూలు వెలుతురుగానే ఉందనిపిస్తుంది, కానీ ఎరుపు మాత్రం హద్దు దాటిపోయి ఉంటుంది. ఫోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. ఆవకాయలాంటి దాంట్లో ఎరుపుని కొలిచే గిన్నె మిగతా రెండిటికన్నా ముందే నిండిపోతుంది. నిండాక ఇంక తేడాలు పట్టదు. అప్పుడు ఆవపిండి గరుకు, ముక్క మీద గీత, కారం రేణువు అన్నీ కలిసి ఎర్ర రంగు పూసినట్టు ఒకే ముద్దగా వస్తాయి. గుర్తుపట్టడం తేలిక. ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూడండి. పిండిలో రేణువులు కనిపించకపోతే ఎరుపు పోయినట్టే, తర్వాత ఎడిటింగ్‌లో తిరిగి రాదు. తీసేటప్పుడే ఆపాలి. పచ్చడి మీద వేలు కాసేపు నొక్కి పట్టుకోండి. ఐఫోన్‌లో `AE/AF LOCK` అని వస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తాళం బొమ్మ వస్తుంది. తర్వాత సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. రేణువులు బయటపడేదాకా లాగండి. బొమ్మ కాస్త చీకటిగా ఉందనిపించినా పరవాలేదు, చీకటిని తర్వాత కొంచెం పెంచుకోవచ్చు.

ప్రతి ఫొటోలోనూ ఒక మూల తెల్లకాగితం ముక్క పెట్టాం. స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో `White Balance` లో డ్రాపర్ బొమ్మ ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి ఆ కాగితం మీద పెడితే కాగితం తెల్లబడుతుంది, దాంతోపాటు పచ్చడి కూడా తన రంగుకి వస్తుంది. తర్వాత కాగితం ఉన్న మూల కత్తిరించేయడమే. ఆ మీదట రంగులు చిక్కబరిచే శాచురేషన్ ముట్టుకోలేదు. అక్క మాత్రం, "ఒక్క చుక్క ఎరుపు పెంచవా" అని రెండుసార్లు అడిగింది. ఫోను పక్కన అసలు సీసా పెట్టి చూపించాను. మా ఇద్దరి ఫోన్లూ కాకుండా, ఇంట్లో పనిచేసే అమ్మాయి దగ్గరున్న చవక ఫోనులో కూడా అదే ఫొటో తెరిచి అదే సీసా పక్కన పెట్టి చూశాం. కొనేవాళ్లందరి దగ్గరా ఖరీదు ఫోన్లుండవు కదా. మూడింట్లోనూ సీసాకి దగ్గరగా ఉంటే ఆ ఫొటో ఉంచాం, లేకపోతే తీసేశాం.

నూనె దగ్గర మా ఇద్దరికీ కాసేపు వాదన నడిచింది. ఆయన "నూనె తప్ప ఏమీ లేదు" అన్నారు కాబట్టి ఫొటోకి కూర్చోబెట్టే సీసాలోంచి పైనూనె తోడేద్దామంది అక్క. అప్పుడు ముక్కలు బయటికి కనిపిస్తాయి, నిజమే. కానీ ముక్క నూనెలో మునిగి ఉండకపోతే గాలి తగిలి బూజు పడుతుంది. ఆ నూనె పచ్చడిని కాపాడటానికి ఉన్నది, పంపేటప్పుడు ఉండి తీరాలి. ఫొటోలో తీసేస్తే మళ్లీ అదే గొడవ, ఫొటోలో ఒకటి, సీసాలో ఒకటి. అందుకని రెండు ఫొటోలు తీశాం. మొదటిది, నింపి రాత్రంతా కదపకుండా ఉంచిన సీసా మూత తీసి పైనుంచి. నూనె నూనెలాగే ఉంది. కింద "పైన నూనె తేలి ఉంటుంది, పొడి స్పూనుతో అడుగు నుంచి కలిపి వాడండి" అని రాశాం. రెండోది, అదే సీసాని అలాగే కలిపాక. ముక్కలు పైకొచ్చాయి, పిండి పట్టుకుని ఉన్నాయి. ఈ రెండో ఫొటోలో ముక్కల్ని ఏరి పేర్చలేదు. కలిపితే ఎన్ని పైకొస్తే అన్నే.

నూనె మెరుపు గురించి ఒక మాట. ఫ్లాష్ వేస్తే నూనె మీద తెల్లటి మచ్చ పడి కింద ఏమున్నా కనిపించదు. కిటికీ వెలుగు పక్కనుంచి పడితే మెరుపు ఒక అంచుకే ఉంటుంది, అది బాగుంటుంది. మెరుపు మధ్యలోకి వస్తుంటే సీసాని కాదు, మీరు నాలుగంగుళాలు పక్కకి జరగండి. గాజు సీసాలో మీ తెల్లచొక్కా ప్రతిబింబం పడుతుంటే ముదురు రంగు చొక్కా వేసుకోండి. నేను ఫొటోలకి వెళ్లేటప్పుడు నల్లచొక్కా వేసుకుంటానని మా ఇంట్లో వెక్కిరిస్తారు.

నాలుగోది పరిమాణం. పాత ఫొటోలో ఉన్నది ఇత్తడి గిన్నె. ఆ గిన్నెలో పట్టేది కేజీ పైనే. పక్కన కొలత తెలిసే వస్తువేదీ లేదు కాబట్టి చూసినవాళ్లు అరకేజీ అంటే ఆ గిన్నె నిండా అనుకున్నారు. బరువు అంకె చదువుతారు గానీ ఊహించుకునేది బొమ్మని బట్టే. ఇప్పుడు ఒక ఫొటోలో అక్క సీసాని చేత్తో పట్టుకుని ఉంది. చెయ్యి ఎంతుంటుందో అందరికీ తెలుసు. గ్లాసు, నిమ్మకాయ లాంటివి కూడా పెట్టి చూశాం. నిమ్మకాయ పెడితే నిమ్మకాయ పచ్చడి అనుకుంటారని ఆవిడే తీసేసింది, సబబే.

చివరికి పేజీలో మిగిలినవి కొన్నే. తెల్ల నేపథ్యం మీద మూత వేసిన సీసా, పంపేది ఎలా ఉంటుందో అలాగే. మూత తీసిన రెండూ. చేతిలో సీసా. లేబులు వెనకవైపు, అంటే బరువు, తయారైన తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలి, పదార్థాలు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, శాకాహారం గుర్తు, అన్నీ చదవగలిగేంత దగ్గరగా. అన్నంలో కలిపిన ముద్ద ఫొటో ఒకటి చివర పెట్టాం, ఇత్తడి గిన్నె మీద మనసు చంపుకోలేక అక్క అడిగిందని. అది కూడా కొత్తగా తీసిందే, అదే కిటికీ దగ్గర.

అన్నిటికన్నా ఉపయోగపడినది ఇంకో ఫొటో. వేసవిలో పెట్టిన పచ్చడి అప్పటికే ముదిరిపోయింది కాబట్టి ఆ రోజు ఇది తీయడం కుదరలేదు. తర్వాతి వేసవిలో కొత్త జాడీ తెరిచినప్పుడు, పాతది ఒక సీసా దాచి ఉంచి, రెండింటినీ ఒకే తెల్ల పళ్లెంలో పక్కపక్కన వడ్డించి ఒకే ఫ్రేములో తీశాం. ఒకే వెలుతురు, ఒకే తెల్లకాగితం. కింద "ఎడమవైపు కొత్తది, కుడివైపు నెలలు ఊరినది. ఇప్పుడు పంపుతున్నది ఇది" అని రాసి, ఈ చివరి మాట ఏ జాడీ నడుస్తుంటే దాన్నిబట్టి మారుస్తోంది. రెండు రకాలూ అడిగేవాళ్లు ఉన్నారని అప్పుడే తెలిసింది. పాతదే కావాలని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు, పులుపు తగ్గి ముక్క మెత్తబడి ఉంటుందని.

ఆ రివ్యూకి జవాబు మాత్రం ఫొటోలన్నీ మార్చాకే రాయించాను. ముందే రాస్తే అది సంజాయిషీ అవుతుంది. అక్క మొదట రాసిన జవాబులో "మా తాతల కాలం నుంచి" అని మొదలై నాలుగు పేరాలుంది. నాలుగు వాక్యాలకి తగ్గించాం: "మీ సీసాలో ముక్కలు తక్కువ పడ్డ మాట నిజమేనండీ, జాడీ అడుగు నుంచి నింపినది. ఇప్పుడు ప్రతి అరకేజీలో ముక్కలు తూచి వేస్తున్నాం. నెలలు ఊరిన ఆవకాయ రంగు ముదురుగా ఉంటుంది, ఆ ఫొటో ఇప్పుడు పెట్టాం. మీకు ఇంకో సీసా పంపమంటారా, డబ్బు తిరిగి వేయమంటారా?" ఆయన డబ్బు వేయమన్నారు, వేసింది. స్టార్ మార్చలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. కానీ ఆయన పెట్టిన వంటింటి గట్టు ఫొటో ఇప్పుడు అక్క పెట్టిన ఫొటోలకి అంత దూరంగా లేదు కాబట్టి, చూసినవాళ్లు దాన్ని మోసం కింద లెక్కేయడం లేదు. "రంగు ఇలా ఉందేంటి" అని వచ్చే ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. నూనె గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, కింద రాసినది అందరూ చదవరు.

ఇక మీ గోంగూర. ఆవకాయకి ఎరుపు ఎక్కువై చెడితే, గోంగూర ఫోను లెక్క తప్పడం వల్ల చెడుతుంది. తెల్లబట్ట మీద చిన్న సీసా పెట్టి తీస్తే ఫ్రేము నిండా తెలుపే కాబట్టి ఫోను మొత్తం వెలుతురు తగ్గిస్తుంది, అప్పుడు గోంగూర బొగ్గులా వస్తుంది. మీకు జరుగుతున్నది ఇదే అయ్యుంటుంది. పచ్చడి మీద నొక్కి పట్టుకుని సూర్యుడి గుర్తుని ఈసారి పైకి లాగండి. దీనికి విరుద్ధంగా పచ్చడి ఒక్కటే ఫ్రేము నిండా ఉండేలా దగ్గరగా తీస్తే ఫోను దాన్ని అతిగా వెలిగించి బూడిదగా చేస్తుంది. అప్పుడు కొంచెం కిందికి లాగాలి. రెండు సందర్భాల్లోనూ వెలుగు పక్కనుంచి, కాస్త వెనకనుంచి రానివ్వండి. ఆకు పీచు మీద, నూనె మీద చిన్న మెరుపు పడితేనే అది ముద్ద కాదు, ఆకు అని కంటికి తెలుస్తుంది. ముందునుంచి వెలుగు పడితే ఎంత పెంచినా చదునుగానే ఉంటుంది.

పైన ఎండుమిరపకాయ, వెల్లుల్లి పోపు పెట్టి తీయమని చాలామంది చెబుతారు. మీ సీసాలో ఆ పోపు ఉంటే పెట్టండి, ఎన్ని ఉంటాయో అన్నే. లేకపోతే వద్దు. పళ్లెంలో స్పూనుతో ఒకసారి పక్కకి లాగి పరవండి, పల్చగా ఉన్నచోట గోంగూర అసలు ఆకుపచ్చ-గోధుమ రంగు బయటపడుతుంది. మందంగా కుప్ప పోస్తే మాత్రం కళ్లతో చూసినా నల్లగానే ఉంటుంది, ఫొటోలో వేరేగా రాదు.

ముందు జల్లెడ పరీక్ష చేసి రెండు సీసాల్లో ముక్క బరువు ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి. ఆ రివ్యూ మాటలు కూడా ఉన్నదున్నట్టు పెట్టండి. అవి చూశాక మీ ఫొటోల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో చెబుతాను.